రీఫండ్ మెసేజ్‌ను మా రూమోళ్ళం తిరగరాసినం

మొన్న మా క్యాంపు దగ్గరి ట్రావెల్ షాపులో జరిగిన గొడవ సగం మందికి తెలుసు. తెలియనోళ్ళు ఏవేవో చెప్పుకుంటున్నరు. అందుకే మొదటి నుంచి రాస్తున్నం. కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. టికెట్ క్యాన్సిల్ చేసుకున్నోళ్ళు, చేసుకోబోయేటోళ్ళు తప్పకుండా చదవండి.

దుబాయిలో మా రూములో ఆరుగురం ఉంటం. అందరికంటె చిన్నోడు జగిత్యాల వైపు తమ్ముడు, స్టీల్ ఫిక్సర్. పోయిన మార్చిలో సెలవు మీద పోవాలని హైదరాబాదుకు రానుపోను టికెట్ తీసుకున్నడు. షాపులో 1,180 దిర్హాములు నగదు కట్టిండు. ఇంతల సైటులో స్లాబు పని మీద పడ్డది, కంపెనీ సెలవు ఏప్రిల్‌కు జరిపింది. మార్చి 3న సాయంత్రం షాపుకు పోయి, "అన్నా, టికెట్ క్యాన్సిల్ చెయ్, పైసలు రాంగనే ఏప్రిల్‌కు కొత్త టికెట్ తీసుకుంట" అన్నడు. కౌంటర్ మీద ఉండేది కూడ మన తెలుగు పిల్లగాడే, కోనసీమ అబ్బాయి. "సరే అన్నా, అయిపోద్ది" అన్నడు.

ఆ "అయిపోద్ది" దగ్గరనే మొత్తం మొదలైంది.

వారం వారం తమ్ముడు పోయి అడుగుడు, ఆ అబ్బాయి "ఎయిర్‌లైన్ నుంచి రాలేదన్నా" అనుడు. అక్కడ ఏప్రిల్ టికెట్ల రేటు పెరుగుతున్నది. ఇంట్ల చెల్లె నిశ్చితార్థం. ఏప్రిల్ రెండో వారంల షాపు నుంచి అందరి ఫోన్లకు వాట్సాప్‌ల ఒక మెసేజ్ వచ్చింది. ఇట్ల ఉంది:

"ప్రియమైన కస్టమర్, మీ రీఫండ్ ఎయిర్‌లైన్ పాలసీకి లోబడి ప్రాసెస్ చేయబడును. 45 నుండి 60 పనిదినములు పట్టును. చార్జీలు మినహాయించబడును. దయచేసి ఆఫీసుకు వచ్చి అడగరాదు."

తమ్ముడు మార్చి 3 నుంచి వేళ్ళ మీద లెక్కబెట్టిండు. ఏప్రిల్ 12కు నలభై రోజులు. ఇంకో ఐదు రోజులే అనుకోని పోయి అడిగితె, ఆ అబ్బాయి "ఇంకా చాలా టైం ఉందన్నా" అన్నడు. తమ్ముడు కౌంటర్ మీదికెళ్ళి చెయ్యి చాపి వాని కాలర్ పట్టుకున్నడు. పక్కన ఉన్నోళ్ళు విడిపించిన్రు గని, ఎవరన్న పోలీసులకు ఫోన్ కొట్టి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పనక్కర్లేదు. 1,180 దిర్హాముల కోసం వీసా పోయేది.

తెల్లారి సెలవు. షాపు ఓనరు మాకు కబురు పెట్టిండు. ఆయన మలయాళీ, హిందీల మాట్లాడుతడు. "మీరు ఫేస్‌బుక్‌ల పెద్ద పెద్దగ రాస్తరు కదా, మీ వాళ్ళకు అర్థమయ్యేటట్టు ఈ మెసేజ్ సరిచేసి ఇయ్యండి" అన్నడు. మేము పదో తరగతి చదువుకున్నోళ్ళం, సైటుల రిపోర్టులు రాసేటోళ్ళం, అంతే. కని ఒక షరతు పెట్టినం. ఏం జరుగుతదో మొత్తం మాకు చెప్తేనే రాస్తం, తెలియనిది అందంగ రాయం అన్నం. ఆయన సరే అన్నడు. ఆ అబ్బాయి కంప్యూటర్ మన దిక్కు తిప్పిండు. తమ్మున్ని కూడ పక్కన కూసోబెట్టినం.

మొదటి లైను. "ప్రాసెస్ చేయబడును." ఎవరు చేస్తరు? ఈ లైనుల చేసే మనిషి లేడు. సైటుల ఎవడన్న "షట్టరింగ్ తీయబడును" అని రాసిస్తే మేము చింపేస్తం, ఎవడు తీస్తడో పేరు రాయమంటం. ఇక్కడ కూడ అదే అడిగినం. అబ్బాయి చెప్పంగ చెప్పంగ తెలిసింది, పైసలు నడిచే తొవ్వ మేము అనుకున్నట్టు లేదని.

మనం షాపులో కట్టిన పైసలు షాపు గల్లాల ఉండవు. ఈ చిన్న షాపుకు ఎయిర్‌లైన్‌తో నేరుగ లెక్క లేదు. ఇంకో పెద్ద ఏజెన్సీ దగ్గర ముందే డిపాజిట్ పెట్టి, వాళ్ళ తాన టికెట్ కొడుతది. టికెట్ కొట్టంగనే ఆ డిపాజిట్ల నుంచి పైసలు కట్ అవుతయి. ఆ పెద్ద ఏజెన్సీకి ఐయాటా గుర్తింపు ఉంటది. అది కొట్టిన టికెట్లన్నిటి లెక్క బీఎస్పీ అనే పద్ధతిల ఎయిర్‌లైన్‌కు పోతది. బీఎస్పీ అంటే మన దగ్గరి పార్టీ అనుకునేరు, కాదు. ఏజెన్సీలకు, ఎయిర్‌లైన్లకు మధ్య బిల్లులు తెంపే పద్ధతి. ఏజెన్సీ ఒక్కొక్క టికెట్‌కు విడిగ పైసలు పంపదు. ఇన్ని రోజులకు ఒక బిల్లు అని గడువు ఉంటది, ఆ బిల్లుల అన్ని కలిపి కడుతది.

పైసలు పోయిన తొవ్వలనే తిరిగి రావాలె. ఎయిర్‌లైన్ నుంచి పెద్ద ఏజెన్సీకి, పెద్ద ఏజెన్సీ నుంచి చిన్న షాపుకు, షాపు నుంచి మనకు. ఇంకో మాట. ఎయిర్‌లైన్ రీఫండ్ పాస్ చేసిందంటే పైసలు చేతుల పెట్టిందని కాదు. రాబోయే బిల్లుల పెద్ద ఏజెన్సీ కట్టాల్సిన దాంట్ల నుంచి అంత తగ్గిస్తది. మనకు ఇది కొత్త కాదు. ఓటీ షీటు మీద మేము సంతకం పెడుతం. 20వ తారీఖు దాటినంక పెడితె ఆ ఓటీ ఈ నెల జీతంల పడదు, వచ్చే నెలల పడుతది. సంతకం అయినా పైసలు రాలేదని టైమ్‌కీపర్ కాలర్ పట్టుకుంటమా? తమ్ముడు తల వంచుకున్నడు. ఏం అనలేదు.

మరి షాపు ముందుగల తన జేబుల నుంచి ఇయ్యొచ్చు కదా అని అడిగినం. ఓనరు ఉన్నదున్నట్టు చెప్పిండు. ఎయిర్‌లైన్ ఎంత కోస్తదో పాస్ అయ్యేదాక ఖాయం కాదు. ఒక్కోసారి దరఖాస్తు తిప్పి పంపుతది కూడ, ముఖ్యంగ మనిషి ఎక్కకుండ, క్యాన్సిల్ చేయకుండ విమానం పోతే. ఇరవై మందికి ముందే ఇస్తె డిపాజిట్ ఖాళీ అయితది, రేపు కొత్త టికెట్ కొట్టనీకి ఉండదు. ఇది మాకు సబబుగనే అనిపించింది.

రెండో లైను. "45 నుండి 60 పనిదినములు." ఇక్కడ రెండు తప్పులు. ఒకటి, పనిదినం అంటే మన పనిదినం కాదు. మనం వారానికి ఆరు రోజులు చేస్తం. ఆఫీసులు ఐదు రోజులే లెక్కబెడుతయి. శని, ఆదివారాలు పోతయి, పండుగ సెలవులు పోతయి. 45 పనిదినాలంటే తొమ్మిది వారాలు. 60 అంటే పన్నెండు వారాలు, మూడు నెలలకు దగ్గర. ఇది తెలియక తమ్ముడు నెలన్నర అనుకున్నడు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఏ రోజు నుంచి లెక్క? మెసేజ్‌ల లేదు. అబ్బాయిని అడిగితె నీళ్ళు నమిలిండు. కంప్యూటర్‌ల చూపించమన్నం. మార్చి 3న సీటు క్యాన్సిల్ అయింది, అది నిజమే. కని పైసలు వాపస్ ఇయ్యమని దరఖాస్తు పోయింది మార్చి 17న!

అప్పుడు తెలిసింది, ఇవి రెండూ వేరు వేరు పనులని. సీటు క్యాన్సిల్ చేస్తే ఆ విమానంల మన జాగ ఖాళీ అయితది, అంతే. టికెట్ ఇంకా బతికే ఉంటది, కంప్యూటర్‌ల OPEN అని కనిపిస్తది. ఆ టికెట్ మీద రీఫండ్ అడగాలె. కొన్నిటికి ఏజెన్సీ వాళ్ళే మెషిన్‌ల వెంటనే చేసుకోవచ్చు. కొన్నిటికి ఎయిర్‌లైన్‌కు దరఖాస్తు పెట్టాలె, వాళ్ళు చూసి పాస్ చేస్తరు. తమ్ముని టికెట్ రెండో రకం. చిన్న షాపు వాళ్ళు పెద్ద ఏజెన్సీకి మెయిల్ పెట్టుడు లేటు చేసిన్రు. రంజాన్ నెల, డ్యూటీ టైం తక్కువ, మర్చిపోయినం అన్నడు అబ్బాయి. వాని కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "ఓనరుకు చెప్తే జీతం కోస్తాడని చెప్పలేదన్నా" అన్నడు. ఓనరు పక్కనే ఉన్నడు, అన్నీ విన్నడు.

క్యాలెండర్ తీసి లెక్క పెట్టినం. మార్చి 17 నుంచి ఐదు రోజులు, 24 నుంచి ఐదు రోజులు. 31, ఏప్రిల్ 1 ఈద్ సెలవు. ఏప్రిల్ 2 నుంచి మూడు రోజులు, 7 నుంచి ఐదు రోజులు. మొత్తం 18 పనిదినాలు. తమ్ముని లెక్కల నలభై రోజులు దాటినయి, ఎయిర్‌లైన్ లెక్కల 18. ఇద్దరూ అబద్ధం చెప్తలేరు, లెక్క మొదలైన తారీఖు వేరు. మధ్యల పోయిన రెండు వారాలు మాత్రం షాపువే.

మూడో లైను. "చార్జీలు మినహాయించబడును." ఎన్ని? తమ్ముడు 1,180 వస్తయనే అనుకున్నడు. కాయితం మీద రాసి చూపించమన్నం. కట్టింది 1,180. అందుల షాపు సర్వీసు 50, అది తిరిగి రాదు. ఎయిర్‌లైన్‌కు పోయింది 1,130. ఆ టికెట్ రకానికి క్యాన్సిల్ పెనాల్టీ 300. మిగిలింది 830. రీఫండ్ పని చేసినందుకు షాపు ఇంకో 50. చేతికి వచ్చేది 780. అంటే నాలుగు వందలు పోతయి. ఇది మార్చి 3నే చెప్పి ఉంటే తమ్ముడు క్యాన్సిల్ చేసేటోడే కాదు.

అప్పుడు మాకు అనుమానం వచ్చి అడిగినం. క్యాన్సిల్ కాకుండ తారీఖు మార్చుకుంటే ఎంత అయ్యేది? ఆ టికెట్‌కు తారీఖు మార్పు చార్జీ 150, దాని మీద ఆ రోజు రేటు ఎక్కువుంటే తేడా కట్టాలె. పైసలు టికెట్‌లనే ఉంటుండె, ఈ తొవ్వంత తిరిగేదే కాదు. పోవుడు ఆగలేదు, జరిగింది. అసొంటోళ్ళకు తారీఖు మార్పే ముందు అడగాలె. తమ్ముడు అడగలేదు, అబ్బాయి చెప్పలేదు. అన్ని టికెట్లకు మార్పు ఉండదు, ఉన్నా ఒక్కోసారి రేటు తేడానే మస్తు అయితది. కని రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే హక్కు మనకుంది.

నాలుగో లైను. "అడగరాదు." దీన్ని చూసినంకనే సగం మందికి కోపం వచ్చింది. మేము మొత్తం కొట్టేసినం. అడగొద్దంటే అనుమానం పెరుగుతది. ఎప్పుడు అడగాలె, ఏం పట్టుకోని అడగాలె, అది రాస్తే ఎవరూ రోజూ రారు.

ఇంక రెండు ముచ్చట్లు మేమే అడిగి చేర్పించినం. ఒకటి, టికెట్ కొట్టిన రోజే మనసు మారితే ఆ రాత్రిలోపల చెప్పాలె. చాలా ఎయిర్‌లైన్ల టికెట్లను అదే రోజు వాయిడ్ చేయొచ్చు, అంటే బిల్లుల పడకముందే టికెట్ కొట్టేసుడు. అప్పుడు ఎయిర్‌లైన్ పెనాల్టీ ఉండదు, ఇన్ని వారాల తొవ్వ కూడ ఉండదు. తెల్లారితే ఆ దారి మూసుకపోతది. చవక విమానాల టికెట్లకు ఈ సౌకర్యం ఉండకపోవచ్చు, కొట్టేముందే అడగాలె.

రెండోది, విమానం వాళ్ళే రద్దు చేస్తే తొందరపడి మనం క్యాన్సిల్ అనొద్దు. మనం అన్నమంటే అది మన ఇష్టపూర్వక క్యాన్సిల్ కింద పడుతది, పెనాల్టీ పడుతది. వాళ్ళ రద్దు మెసేజ్ వచ్చినంక, అది చూపించి, "వాళ్ళే రద్దు చేసిన్రు, మొత్తం వాపస్ కావాలె" అని రాయించాలె. ఆ మెసేజ్ ఫోన్‌ల నుంచి డిలీట్ చేయొద్దు.

అన్నీ అయినంక మేము రాసిన మెసేజ్ ఇది:

"అన్నా, మీ టికెట్ సీటు (తారీఖు)న క్యాన్సిల్ చేసినం. రీఫండ్ దరఖాస్తు (తారీఖు)న పెద్ద ఏజెన్సీ ద్వారా ఎయిర్‌లైన్‌కు పోయింది. మీ టికెట్ నంబరు, దరఖాస్తు నంబరు ఇవి. మీరు కట్టింది ఇంత. ఎయిర్‌లైన్ పెనాల్టీ ఇంత, షాపు సర్వీసు ఇంత, రీఫండ్ పనికి ఇంత. మీ చేతికి వచ్చేది సుమారు ఇంత. మీ పైసలు మా దగ్గర లేవు, ఎయిర్‌లైన్ దగ్గర ఉన్నయి. ఎయిర్‌లైన్ పాస్ చేసినంక పెద్ద ఏజెన్సీ బిల్లుల తగ్గి, మా ఖాతాకు వచ్చి, అప్పుడు మీకు ఇస్తం. దరఖాస్తు పోయిన రోజు నుంచి 9 నుంచి 12 వారాలు పట్టొచ్చు. ముందే వస్తే ముందే ఫోన్ చేస్తం. 6 వారాలు దాటినంక ఈ మెసేజ్ పట్టుకోని రండి, ఎక్కడిదాక వచ్చిందో కంప్యూటర్‌ల చూపిస్తం. ఈ పైసలు వస్తయని కొత్త టికెట్ ఆపుకోవద్దు."

చివరి వాక్యం తమ్ముడే చెప్పిండు.

ఓనరు చదివించుకోని రెండు చోట్ల గీత కొట్టిండు. "మా తప్పుతో లేటు అయితే రీఫండ్ పని చార్జీ 50 తీసుకోం" అని మేము రాసిన లైను వద్దన్నడు. అందరికీ అట్ల రాసిస్తే ప్రతి ఒక్కరు మా తప్పే అంటరు అన్నడు. అరగంట మాట్లాడుకున్నం. ఆఖరికి ఆ జాగల "మీరు చెప్పిన 2 పనిదినాల్లో దరఖాస్తు పెడుతం" అని ఒప్పుకున్నడు. మాకు పూర్తిగ తృప్తి లేదు, కని తారీఖు రాసిస్తే తప్పు ఎవరిదో అదే చెప్తది. రెండోది "మీ పైసలు మా దగ్గర లేవు" అన్న లైను. మేము దాని కింద "మా ఖాతాకు వచ్చిన 3 రోజుల్లో ఇస్తం" అని రాసినం. ఆయన 3ను 5 చేసిండు. సరే అన్నం.

ఎందుకు ఆ లైను మీద అంత పట్టు పట్టినమంటే, "ఎయిర్‌లైన్ నుంచి రాలేదు" అన్న మాట చెప్పుడు మస్తు సులువు. నిజంగ రాలేదా, వచ్చి షాపుల ఆగిందా అని మనకెట్ల తెలుస్తది? తెలుసుకోవచ్చు. మన టికెట్‌కు 13 అంకెల నంబరు ఉంటది, మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి. బుకింగ్ కోడు ఆరు అక్షరాలది, అది వేరు. ఆ 13 అంకెలు పట్టుకోని ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఒక్కటే అడగాలె: ఈ టికెట్ రీఫండ్ పాస్ అయిందా, ఏ తారీఖున, ఎంత? పైసలు మాకు ఇయ్యమంటే వాళ్ళు ఇయ్యరు, ఏజెంటును అడుగమంటరు, అది వాళ్ళ పద్ధతి. కని తారీఖు తెలిస్తే చాలు. పాస్ అయ్యి రెండు మూడు వారాలు దాటినా షాపు "రాలేదు" అంటే అప్పుడు గట్టిగ అడగొచ్చు. పాస్ కాకముందే అడిగితె ఆ కౌంటర్ మీది పిల్లగాడు ఏం చేస్తడు?

కార్డు మీద కట్టినోళ్ళకు ఒక మాట. కార్డు నుంచే నేరుగ ఎయిర్‌లైన్‌కు పోయి ఉంటే ఆ కార్డుకే వాపస్ వస్తది, చేతికి నగదు ఇయ్యరు. కార్డు ఎవరిదో వాళ్ళకే వస్తది. దోస్తు కార్డుతో టికెట్ కొట్టి, వాడు దేశం వదిలి కార్డు బంద్ చేస్తే తిప్పలు పడేది మనమే.

ఇక తమ్ముని ముచ్చట. రీఫండ్ కోసం ఆగలేదు. రూము చిట్టిల నుంచి తీసిచ్చి 1,420కి కొత్త టికెట్ కొట్టించినం, అదే షాపుల. పోయేముందు తమ్ముడు కౌంటర్ దగ్గర నిలబడి, "తమ్మీ, ఆ రోజు తప్పయింది" అన్నడు. ఆ అబ్బాయి కూడ "నాదీ తప్పే అన్నా, 14 రోజులు దాచాను" అన్నడు. ఇద్దరు చాయ్ తాగిన్రు.

ఏప్రిల్ 24న మేము ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఆ రోజే పాస్ అయిందన్నరు, 830. దరఖాస్తు పోయిన నాటి నుంచి 27 పనిదినాలు. మే 5న షాపు ఖాతాకు వచ్చింది. మే 6న అబ్బాయే ఫోన్ చేసి పిలిచిండు. తమ్ముడు ఇంటి కాడ ఉన్నడు, మా చేతికి ఇయ్యమని వాయిస్ మెసేజ్ పెట్టిండు. 780 లెక్కబెట్టి తీసుకున్నం. ఓనరు చూడకుండ అటు తిరిగిండు, అబ్బాయి ఇంకో 50 కలిపిండు. ఓనరే ఇయ్యమన్నడట, మెసేజ్‌ల మాత్రం రాయొద్దన్నడట. చిట్టి పుస్తకంల 830 అని రాసినం.

మార్చి 3 నుంచి మే 6 దాక 64 రోజులు. అందుల 14 రోజులు షాపుల ఆగినయి, ముప్పై ఎనిమిది రోజులు ఎయిర్‌లైన్ దగ్గర ఆగినయి, మిగిలినయి బిల్లు తెగేదాక. ఇప్పుడు షాపుల ఎవరు క్యాన్సిల్ చేసినా ఆ మెసేజ్ తారీఖులు నింపి వస్తున్నది. మీ దగ్గరి షాపు వాళ్ళకు కూడ చూపించండి. తారీఖులు లేకుండ పంపితే తీసుకోకండి.

మీకు ఇట్లనే ఏమన్న అయి ఉంటే కింద రాయండి, టికెట్ నంబరు మాత్రం కామెంట్ల పెట్టకండి.